మనవరాలి రెప్పలకు వంపు

మా మనవరాలి రెప్పవెంట్రుకలు పొట్టివి, తిన్నటివి. పెళ్లి ఫొటోల్లో కళ్లు కనబడవని దాని దిగులు. పెట్టుడు వెంట్రుకలు, అవే ఎక్స్‌టెన్షన్లు, అతికించుకుంటానని కొండమీది మా ఊరినుంచి నన్ను సాలూరు పార్లర్‌కు తీసుకెళ్లింది.

"నలుగుకి నూనె రాత్తారు కదేటి? జిగురు వదిలేత్తది. రెండు మూడు వారాలకోసారి అతికించుకోడానికి కొండ దిగాల. పీకితే నీవీ ఊడొత్తాయి," అంది పార్లరమ్మ.

"రంగేస్తే?" అంది పిల్ల.

"నల్లబడతాయంతే, వంగవు. లిఫ్ట్ సేయించుకో గుంటా. పొడుగవ్వవు గానీ పైకి వంగుతాయి, నెలన్నర ఉంటాయి. వంచే మందు ఎక్కువసేపుంచితే ఎండిపోతాయి, నేను సూసుకుంటాన్లే."

పడుతుందో లేదో చూడ్డానికి చెవి వెనక ఆ మందు రాసి పంపింది. దురద రాకపోయేసరికి మర్నాడు లిఫ్ట్ చేసింది. ఆ రోజంతా తడి తగలకుండా కాచుకున్నాం. తర్వాత నలుగులో అత్తలు నెత్తిన నూనె పోసినా వంపు చెదరలేదు. పిల్ల కళ్లు విప్పి నావైపు చూసి నవ్వింది.