ఏడో మంచంలో ఎవరు?

మెహరున్నీసా ప్రాజెక్టు రికార్డు మీద గైడుగా సంతకం పెట్టింది నేనే. చదవకుండానే పెట్టాను. తప్పు అక్కడే మొదలైంది కాబట్టి ముందు అది చెప్పి తీరాలి.

రెండువేల ఒకటిలో ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు కాలేజీలో ఎం.సి.ఎ. వాళ్లకు పాఠాలు చెప్పేవాణ్ణి. చివరి సంవత్సరంలో ప్రాజెక్టు చేయాలి. ప్రోగ్రాం రాయడానికి పిల్లలు కిందామీదా పడేవాళ్లు గానీ, రికార్డులో ఆరో అధ్యాయం, అంటే పరీక్షించి చూసిన పట్టిక, సీనియర్ల దగ్గర ఎత్తి రాసేవాళ్లు. అందరికీ తెలుసు. నాకూ తెలుసు. మెహరున్నీసా చేసింది ఆసుపత్రి ప్రోగ్రాం. ఆమె ఆరో అధ్యాయంలో మాత్రం 'పుస్తకం ఇచ్చుట: సరిగా ఉంది' అని ఉంది. పాత లైబ్రరీ ప్రాజెక్టుది, అలాగే దిగిపోయింది.

ఆ పిల్లకు ఆ డిగ్రీ ఒక్కటే దారి. తండ్రి లేడు. తల్లి బిస్మిల్లా బీ మిషను కుట్టి చదివించింది. ఈ ఏడాది దాటితే చదువు మాన్పించి పెళ్లి చేసేయమని మేనమామలు తేల్చి చెప్పారు.

డెమో రోజు కడప నుంచి ఆదినారాయణ గారు పరీక్షకుడిగా వచ్చారు. ప్రోగ్రాం ఎవరి కోసం రాశారో వాళ్ల ముందే, వాళ్ల వివరాలతోనే నడిపి చూపించాలన్నది ఆయన పట్టుదల. అందుకని ఊళ్లో ఒక నర్సింగ్ హోమ్‌లో క్యాజువాలిటీ రిజిస్టరు రాసే సారమ్మను పిలిపించాం. ఆమె పెద్ద రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చింది.

"నిన్న వచ్చిన మొదటి కేసు ఎక్కించమ్మా" అన్నారు ఆదినారాయణ గారు.

సారమ్మ చదివింది. "పేరు తెలియదు. వయసు తెలియదు. మగ. బాంబు గాయాలు. ఏడో మంచం."

పేరు గడిలో 'తెలియదు' అని కొట్టి, వయసు గడి ఖాళీగా వదిలి, సేవ్ నొక్కింది మెహరున్నీసా. ఖాళీని అంకెగా మార్చలేక ఏదో ఎర్రర్ చూపించి ప్రోగ్రాం మూసుకుపోయింది. మళ్లీ తెరిస్తే ఏడో మంచం నిండినట్టు చూపిస్తోంది. రోగుల జాబితాలో మాత్రం ఎవరూ లేరు. మంచాన్ని ముందు రాసేసి, మనిషిని రాయబోతూ చచ్చింది ప్రోగ్రాం.

"ఈ ఏడో మంచంలో ఎవరున్నారమ్మా?" అని అడిగారాయన.

ఆమె రోగుల జాబితా మళ్లీ తెరిచింది. ఖాళీయే.

"ఏం పెట్టి పరీక్షించావు?"

"మా ఇంట్లోవాళ్ల పేర్లు సార్. అందరి వయసులూ తెలుసు."

"వయసు తెలీకుండా వచ్చేటోళ్లు శానామంది సార్" అంది సారమ్మ. "పల్లెల్లో బాంబులు వేసుకున్న దినం జీపులో ఏసుకోనొచ్చి వాకిట్లో దించేసి పోతారు. పేరు చెప్తే కేసవుతాదని బయం."

ఆదినారాయణ గారు ఆరో అధ్యాయం తెరిచి, పుస్తకం ఇచ్చుట దగ్గర ఆగి, నావైపు చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. నెల తర్వాత మళ్లీ చూపించమని రాసి వెళ్లిపోయారు.

వరండాలో మెహరున్నీసా గోడకు ఆనుకుని కూర్చుంది. "మా నాయన అట్లనే పోయినాడు సార్" అంది.

తండ్రి కమాల్ బాషా బాడుగ జీపు నడిపేవాడు. ఏడేళ్ల కిందట ఎన్నికలప్పుడు ఒక పార్టీవాళ్లు ఎక్కిన ఆయన జీపు మీద జమ్మలమడుగు దారిలో బాంబులు పడ్డాయి. డ్రైవరుకు ఏ పార్టీ ఉంటుంది? ఎవరో తీసుకెళ్లి వేరే ఊరి ఆసుపత్రిలో పడేశారు.

"మా అమ్మ ఆడికి పోయి పేరు చెప్పి అడిగింది. పుస్తకంలో లేదు పొమ్మన్నారు. ఆయప్ప పేరు లేకుండా లోపలే ఉండాడు సార్. రెండో దినం సచ్చిపోయినాక పిలిచినారు." ఒళ్లో ఉన్న రికార్డు మూసేసింది. "అన్నీ తెలిసి గూడా, పేరూ వయసూ ఉండేటోళ్ల కోసమే రాస్తి."

మరుసటి రోజు నుంచి ఆమె సారమ్మ పక్కన కూర్చుని, పాత రిజిస్టర్లలో ప్రోగ్రాం తట్టుకోలేని కేసులన్నీ ఏరి రాసుకుంది. వయసు లేనివాళ్లు, ఒకే రోజు వచ్చిన ఇద్దరు పేరులేనివాళ్లు, ఊరు తప్పు చెప్పినవాళ్లు. మంచమూ మనిషీ రెండూ ఎక్కాలి, లేదా రెండూ ఎక్కకూడదు అని కోడు మార్చింది. ఒంటి మీది మచ్చలూ బట్టలూ లాంటి గుర్తులు రాసే గడి పెట్టి, పేరు లేకపోయినా ఆ గుర్తులతో వెతికే వీలు కల్పించింది.

నెల తర్వాత ఆదినారాయణ గారు ముందు ఆరో అధ్యాయమే తెరిచారు. ఈసారి నేను రెండుసార్లు చదివాకే సంతకం పెట్టాను. ఆయన మొదటి వరుస చదివి, మళ్లీ అదే వరుస చదివారు. తర్వాత పాస్ అని రాశారు.

ఆ వరుస ఇది. ఎక్కించినది: పేరు లేదు, వయసు లేదు, మగ, ఖాకీ చొక్కా, ఎడమ మోచేతి మీద జీపు రేడియేటర్ నీళ్లు పడి కాలిన పాత మచ్చ. వెతికేది: భార్య. రావలసిన ఫలితం: దొరకాలి. వచ్చిన ఫలితం: దొరికాడు.