మూత మీద గడియారమ్మ

ఆమె అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. రెస్టారెంటులో ఫోను బల్ల దగ్గర కూర్చున్న పద్నాలుగేళ్లలో "ఇంకో పావుగంటలో వచ్చేస్తుందండీ" అని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. "ఐదూ నలభై రెండుకి మీ గుమ్మంలో ఉంటుందండీ" అనేది. ఉండేది కూడా. అందుకని గడియారమ్మ అన్నారు. మొదట వెక్కిరింతకే అన్నారు. తర్వాత వీధిలో వాళ్లు మాత్ర వేసుకోవాలన్నా, బస్సు అందుకోవాలన్నా చేతికి వాచీ ఉండి కూడా ఆమెనే అడిగేవారు. భర్త పోయాడు, తల్లికి చెవులు పోయాయి. గడియారమ్మకు నాది అని చెప్పుకోవడానికి మిగిలింది ఆ పేరొక్కటే.

రంజాన్ వచ్చిందంటే ఆ రెస్టారెంటు ఇఫ్తార్ బాక్సులకు పెట్టింది పేరు. దాని కరపత్రం ప్రతి ఏడూ ఆమే రాసేది. "ఉపవాసంలో ఉన్న పెద్దలకు సలాం. మధ్యాహ్నం రెండు గంటల లోపు ఆర్డరు ఇవ్వగలరు. మగ్రిబ్‌కు ముప్పై నిమిషాల ముందే బాక్సు తమ చేతికి అందుతుంది. వాసన తమను ఇబ్బంది పెట్టకుండా సీలు వేసి పంపుతాం." ఉపవాసం ఉండే మనిషి రాసింది కాబట్టి ఎక్కడ గొంతు తడారిపోతుందో, ఎక్కడ కడుపు మండుతుందో ఆ మాటలకు తెలుసు. మసీదు నుంచి ముప్పై రోజుల మగ్రిబ్ వేళల పట్టిక, అంటే పొద్దు కుంకి ఉపవాసం విడిచే సమయాలది, తెచ్చి, సరిచూసి ఇచ్చేది కూడా ఆమే.

నిరుడు యజమానికి ఒక ఆలోచన వచ్చింది. ఆ పట్టికను బాక్సు మూత మీదే అచ్చు వేయించాడు. కింద "సమయాలు సరిచూసినది: మన గడియారమ్మ" అని వేయించాడు. తారీఖులు లేవు. ఒకటో రోజా, రెండో రోజా అని ఉపవాసాల వరసలు, పక్కన నిమిషాలు. ఆ మూత ఒకటి ఆమె ఇంట్లో అద్దం పక్కన అంటించుకుంది. పాపం, మురిసిపోయింది.

ఈ ఏడు కూడా పట్టిక తెచ్చి ఇచ్చింది. యజమాని "నీ చెయ్యి పడితే తిరుగుండదమ్మా" అని సొరుగులో పెట్టాడు. ప్యాకింగు వీధికి అవతల గోదాములో. రెండు గంటల దాకా ఫోన్లు, ఆ తర్వాత డెలివరీ లెక్కలు, గడియారమ్మకు అటు తొంగి చూసే తీరిక లేదు. తను మాత్రం పక్క మసీదు అజాన్ విని ఫోను బల్ల దగ్గరే ఉపవాసం విడిచేది. ఇంట్లో తల్లికి ఒక బాక్సు డెలివరీలో వెళ్లేది.

రెండో రోజా రాత్రి ఇంటికి వెళ్లేసరికి తల్లి మొహం అదోలా ఉంది.

"ఏమ్మా, నువ్వు వేసిన టైముకే తిన్నాను. తిని చూద్దును కదా, గోడ మీద ఇంకా ఎండ ఉంది."

"ఎండేంటమ్మా?"

"ఎండే. నిన్నా ఉంది. అచ్చులో ఉన్నది తప్పవుతుందా అని ఊరుకున్నాను."

గడియారమ్మ మూత తీసి చూసింది. రెండో రోజా: ఆరూ రెండు. మసీదు పట్టికలో ఆరూ పదకొండు. తొమ్మిది నిమిషాలు. అద్దం పక్కనున్న నిరుటి మూతతో పోల్చింది. రెండూ ఒకటే.

పొద్దున్నే యజమాని గదికి వెళ్లింది. అతను కుర్చీ చూపించి, "కూర్చోమ్మా" అన్నాడు. అతని నోట మర్యాదకు ఎప్పుడూ కొరత లేదు. తేనె పూసిన కత్తికి తీపి తక్కువా?

"అయ్యగారూ, నిరుటి మూతలు వాడేశారు."

"మిగిలినవి పారేస్తామా? నెల అదే, రోజాలు అవే ముప్పై. మారిందేముంది?"

"నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుందండీ. ఇప్పుడు పొద్దు రోజురోజుకీ తొందరగా కుంకే కాలం. అంటే నిరుటికంటే ఈ ఏడు ఇదే రోజాకి పొద్దు ఆలస్యంగా కుంకుతుంది. మన మూత చూసినవాళ్లు పొద్దు ఉండగానే తినేస్తున్నారు. రంజాన్ అయ్యాక ఆ ఉపవాసాలు మళ్లీ ఉండాలండీ."

"మసీదులో అజాన్ వినిపిస్తుందిగా."

"మన బాక్సులు వెళ్లేది అజాన్ వినపడని చోటికేనండీ. కుట్టు ఫ్యాక్టరీలో మిషన్ల మోతలో ఏం వినిపిస్తుంది? సూపర్‌వైజరు మన మూత చూసే గంట కొడతాడు. రోజుకి నాలుగు వందల మంది."

అతను వేలితో మూత కింది వరస తట్టాడు. "ఇక్కడ ఎవరి పేరుంది తల్లీ?"

ఆమె మూతను తన వైపు లాక్కుంది.

"దిద్దుదాం. మధ్యాహ్నానికల్లా ప్రతి బాక్సు మీదా సరైన సమయాల కాగితం అంటిద్దాం. కానీ పొరపాటు నీదని అందులో ఉండాలి. హోటలుదంటే రేపు ఒక్కడూ ఆర్డరివ్వడు. వద్దంటావా, ఇవాళా అవే మూతలు పోతాయి. నీ ఇష్టం."

ఇష్టమట! అడకత్తెరలో పోకచెక్కను కూడా ఎవరో ఇలాగే ఇష్టం అడిగి ఉంటారు. తన పేరు ఒక పక్క, నాలుగు వందల మంది ఉపవాసాలు ఒక పక్క. ఆమె కలం తీసుకుంది.

"గౌరవనీయులైన పెద్దలకు సలాం. మా బాక్సు మూత మీది సమయాలు తప్పు. ఒకటో, రెండో రోజాలకు తొమ్మిది నిమిషాలు ముందుగా పడ్డాయి. ఈ పొరపాటు గడియారమ్మది. తమ ఉపవాసాలకు కలిగిన భంగానికి తల వంచి క్షమాపణ కోరుతున్నాం. నేటి మగ్రిబ్: ఆరూ పది."

యజమాని రెండుసార్లు చదివాడు. "ఎంత ముద్దుగా రాశావమ్మా! చివర్లో ఒక్క ముక్క కలుపు. 'సదరు ఉద్యోగిని నేటి నుంచి తొలగించాము.' నేను రాస్తే మొరటుగా ఉంటుంది. నీ పద్ధతిలో రాయి."

ఆమె తలెత్తి చూసింది. అతను నవ్వడం లేదు. జాలిగా కూడా చూస్తున్నాడు, దొంగ వెధవ.

"రాయకపోతే?"

"గోదాములో మూతలు సిద్ధంగా ఉన్నాయి తల్లీ."

గడియారమ్మ రాసింది. "సదరు ఉద్యోగిని సేవల నుంచి సగౌరవంగా తప్పించామని మనవి." గోరుచుట్టు మీద రోకలిపోటు తనే వేసుకున్నట్టుంది. కింద మిగతా ఇరవై ఏడు రోజాల సమయాలు మసీదు పట్టిక చూసి దింపింది, మళ్లీ ఒకసారి సరిచూసింది. కళ్లు మసకబారుతున్నా ఒక్క అంకె తప్పు పోలేదు.

సాయంత్రం ఐదుంపావుకి చివరి బాక్సు తనే పట్టుకుని ఇంటికొచ్చింది. తల్లి కళ్లజోడు పెట్టుకుని మూత మీది కాగితం ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. చదవడం అయ్యాక మూతను కూతురి వైపు తిప్పింది.

"నేను కాదమ్మా. వాళ్లే పాత మూతలు వేశారు," అని గడియారమ్మ చెవి దగ్గర అరిచింది.

"మరి నీదని ఎందుకు రాశారు? అచ్చులో అబద్ధం వేస్తారా?"

"నాతోనే రాయించారమ్మా."

"నీ చేత్తోనే రాశావా?" అంది తల్లి.

గిన్నెలో ఖర్జూరాలు, గ్లాసుతో నీళ్లు పెట్టి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. గడియారమ్మ మణికట్టు కేసి చూస్తూనే ఉంది. ముల్లు వచ్చింది.

"అమ్మా, ఆరూ పది అయింది. తీసుకో."

తల్లి చెయ్యి ఖర్జూరం మీదే ఆగింది. గోడ కేసి చూసింది, వాకిలి కేసి చూసింది. కూతురి మొహం కేసి మాత్రం చూడలేదు.

"పక్కింటి పిన్నినొకసారి అడిగి రావే."

గడియారమ్మ లేచి వెళ్లింది. పక్కింటి పిన్ని అప్పటికే నములుతోంది. "టైమా? నువ్వు నన్ను అడుగుతున్నావా?" అని నవ్వబోయి, కాగితం గుర్తొచ్చి కాబోలు, ఆగిపోయింది. "అయింది, వెళ్లు."

తిరిగి వచ్చి, "అయిందటమ్మా," అంది.

అప్పుడు తల్లి ఖర్జూరం నోట్లో వేసుకుంది. ఆరూ పన్నెండయింది.