'అయిపోయినట్టే' అనే గడి

యానాంలో మా ఆఫీసు మందుల షాపు పై అంతస్తులో ఉంటుంది. రొయ్యల చెరువుల వాళ్ళకు మేత లెక్కలు చూపే యాప్ మా సరుకు. ప్రోగ్రాములు రాసేవాళ్ళం ముగ్గురం. మేం రాసింది పనిచేస్తుందో లేదో పరీక్షించడానికి అడవిపొలం నుంచి స్కూటీ మీద వచ్చే అమ్మాయి ఒకతె, ఇంకా పర్మినెంటు కాలేదు. మా అందరి మీదా ఓనరుగారు.

ఏ పని ఎక్కడిదాకా వచ్చిందో కనబడేలా గోడకు కాన్‌బాన్ బోర్డు పెట్టించింది నేనే. పనికో చీటీ, రాస్తున్నవి, పరీక్షలో ఉన్నవి, పూర్తయినవి అని గడులు. పరీక్ష గడిలో రెండు చీటీలకు మించకూడదు. నిండితే కొత్త పని ముట్టుకోకుండా ఉన్నదాన్ని కదిలించాలి, అంటే మనమూ పరీక్షకు కూర్చోవాలి. చదువుకునే రోజుల నుంచీ పరీక్షలంటే నాకు పడదు.

అందుకని రాస్తున్నవాటికీ పరీక్షకీ మధ్యలో ఇంకో గడి గీశాం. పేరు 'అయిపోయినట్టే'. దానికి పరిమితి లేదు. 'బయల్దేరిపోయా' అంటే ఇంకా స్నానం కాలేదని అర్థమయ్యే ఊళ్ళో ఆ గడి ఎవరికీ వింతగా తోచలేదు.

నెలాఖరున ఓనరుగారు చూశారు. వారానికి పూర్తయ్యే పనులు అంతే ఉన్నాయి. పని మొదలెట్టాక పూర్తయ్యేదాకా పట్టే కాలం మాత్రం పెరుగుతోంది.

"పరీక్ష ముందే గుట్టపడతన్నాయి కదయ్యా. ఆ అమ్మాయిని పర్మినెంటు చెయ్యడం ఎందుకంటాను?"

అమ్మాయి వినేసింది. "నా దగ్గరకొచ్చాక ఎక్కడాగిందండీ? మీకు అయిపోయినట్టే, నాకింకా రానట్టే!"

చీటీ గడి మారినప్పుడల్లా వెనకాల తేదీ వేస్తాం. అన్నీ తిప్పి చూశాను. ఆమె దగ్గర గడిచింది కొంచెమే. కాలమంతా మా కొత్త గడిలోనే కూర్చుంది. మొదలెట్టేవి పెరిగి, బయటికెళ్ళేవి పెరగకపోతే మరేమవుతుంది? అక్కడున్న చీటీల్లో ఎక్కువ నావే.

"అయితే ఇంకో మనిషిని పెట్టాలంటావా?" అన్నారు ఓనరుగారు.

"వద్దండీ. ఆ గడి చెరిపేద్దాం."

చెరిపాక, పరీక్షకు ఎదురుచూసే చీటీలు రాస్తున్నవాటి లెక్కలోనే పడ్డాయి. రాస్తున్నవాటి గడికీ మొదట్నుంచీ పరిమితి ఉంది కాబట్టి కొత్త పని మొదలెట్టే దారి లేదు. ముగ్గురం ఒకరి పని ఒకరం పరీక్షించాం. నా మేత లెక్కలో బస్తాలు కిలోలైపోయాయని పక్కతను కనిపెట్టాడు. చాలా ఆనందంగా కనిపెట్టాడు.

మొదటి వారం కొత్త పనేదీ మొదలవలేదని ఓనరుగారు మాటిమాటికీ మెట్లెక్కి వచ్చి నిట్టూర్చారు. తర్వాత పట్టే కాలం తగ్గింది, పూర్తయ్యేవి కాస్త పెరిగాయి. అమ్మాయికి పర్మినెంటు కాగితం ఇచ్చారు. ఇచ్చిన చేత్తోనే ఓ చీటీ కూడా అందించారు.

"మా బావమరిది అడిగాడమ్మా. ఇదొక్కటీ పెట్టేసెయ్."

"గడి నిండిపోయిందండీ."

"ఉద్యోగం ఇచ్చింది నేనేనమ్మా!"

"ఆయ్, అందుకే చెబుతున్నానండి. ముందు ఉన్నవాటిలో ఏదో ఒకటి అవ్వాలి కదండీ."

ఓనరుగారు బోర్డు వైపు, మా వైపు చూశారు. మేం స్క్రీన్ల వైపు చూశాం. ఆయన పరీక్ష గడిలోంచి ఓ చీటీ పీకి, కుర్చీ లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని ఫోను తీశారు.

"సరే, దీన్నెలా పరీక్షించాలో చెప్పు."