స్కూటర్ మీద రెండు వందల యాభై కిలోలు

ఈ ఉదయం మా ఆవిడ టీలో ఏలక్కాయ దంచి వేసింది. గ్లాసు నోటిదాకా రాకముందే వాసన వచ్చింది, వాసనతోపాటు సరిత గుర్తుకొచ్చింది, సరితతోపాటు నా తెలివితక్కువతనమూ వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ముందే ఒప్పుకుంటాను. ఏడు లక్షల నలభై ఐదు వేల అయిదు వందల రూపాయల ఏలకులను ఒక పాత స్కూటర్ మీదికి ఎక్కించబోయిన ఘనుణ్ని నేను. ఆపిన మనిషి నాకు పాఠం చెప్పిన గురువూ కాదు, జీతమిచ్చిన యజమానీ కాదు. నా కింద ఆరు నెలల ప్రొబేషన్‌లో ఉన్న జూనియర్ క్లర్కు.

నాచారంలో ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీకి నేను అకౌంట్స్ మేనేజర్ని. సరిత రోజూ అన్నోజిగూడ నుంచి బస్సులో ఉప్పల్ దాకా వచ్చి, అక్కడ ఆటో పట్టుకుని వచ్చేది. ఆలస్యంగా ఎప్పుడూ రాలేదు కానీ, పనిలో మాత్రం ఆలస్యం. ప్రతి బిల్లుకీ మూడు ప్రశ్నలు అడిగేది: ఏం వచ్చింది, ఎట్ల వచ్చింది, ఎవరు దించుకున్నరు? జవాబు కోసం స్టోర్స్ దాకా నడిచి వెళ్లేది. "ఏమ్మా, నువ్వు క్లర్కువా, పోలీసువా?" అంటే, "నేను పైసలిచ్చే దాన్ని గద సార్, అడగకుంటె ఎట్ల?" అనేది. ఆమె ప్రొబేషన్ రిపోర్టులో "వేగం తక్కువ" అని రాసి, సంతకం ఒక్కటే మిగిల్చి సొరుగులో పెట్టాను. ఆ సంతకం పడితే వచ్చే నెల నుంచి ఆమెకు ఉద్యోగం లేదు.

వేగం కోసమే బిల్లులు చదివే సాఫ్ట్‌వేర్ తెప్పించాను. బిల్లును స్కాన్ చేస్తే చాలు. పేరు, తేదీ, పన్ను, మొత్తం అన్నీ అదే చదివి గళ్లలో నింపేస్తుంది. ప్రతి అంకె పక్కన ఎంత నమ్మకంతో చదివిందో శాతం కూడా చూపిస్తుంది. నమ్మకం తొంభై అయిదు దాటితే మనిషి చూడనక్కర్లేదని నేనే పెట్టాను. నా అక్రమం అక్కడితో ఆగలేదు. సరుకు విలువా పన్నులూ కలిపితే మొత్తానికి సరిపోతోందా అని చూసే ఒక తనిఖీ అందులో ఉంది. మా సరఫరాదారులు పైసలను రూపాయికి సర్దుతారు కాబట్టి అది బిల్లు బిల్లుకీ ఎర్రజెండా ఎత్తేది. రూపాయి తేడాను వదిలెయ్యమని చెబితే సరిపోయేది. నేను తనిఖీనే మూసేశాను. తలనొప్పికి తల తీసేసే వైద్యం నాది.

"అది బంద్ జేస్తె కూడిక ఎవరు సూస్తరు సార్?" అని సరిత అప్పుడే అడిగింది.

"మిషనుకి కూడికలు రావంటావా?"

"వస్తయ్ సార్. మనం సూడొద్దన్నం గద."

మా చెల్లింపులన్నీ గురువారం మధ్యాహ్నమే. ఇవ్వాల్సినవాళ్ల జాబితాను ఆమె తయారుచేసి బ్యాంకు సైట్లో ఎక్కిస్తే, నేను ఫోన్‌కొచ్చిన అంకెలు కొట్టి ఖాయం చేయాలి. ఒకసారి ఖాయమైతే డబ్బు వెళ్లినట్టే. వెనక్కి కావాలంటే పుచ్చుకున్నవాణ్ని బతిమాలుకోవాలి. ఆ గురువారం నాలుగు కావస్తోంది. యజమాని ఫోను మీద ఫోను చేస్తున్నారు, చక్కెర వాళ్ల డబ్బు పడకపోతే రేపు లారీ రాదని. సరిత మాత్రం జాబితాను చూస్తూ కూర్చుంది.

"ఎక్కించు తల్లీ, పుణ్యముంటుంది."

"జర ఆగుండ్రి సార్. ఏలకుల తాతకు ఏడు లచ్చలు పడ్డయ్."

తాత అంటే మాకు ఏలకులు అమ్మే నారపల్లి ముసలాయన. నాకేమీ వింతగా తోచలేదు. దాని పైవరుసలోనే చక్కెరకు ఏడు లక్షల చిల్లర ఉంది. కామాలు కూడా పెళ్లి బంతిలా చక్కగా కూర్చున్నాయి: 7,45,500. "నమ్మకం తొంభై ఏడు శాతం చూపిస్తోందిగా!" అన్నాను. నాకైతే నూరు శాతం ఉంది.

"తాత పొద్దుగాల స్కూటర్ మీద వచ్చిండు సార్. కాళ్ల కాడ ఒకటే సంచి. ఏడు లచ్చలంటె రెండొందల యాభై కిలోలు. గన్ని ఏలకులు దిగితె వాసన ఉప్పల్ చౌరస్తా దాకా కొట్టాలె. ఇయ్యాల మన మెట్ల మీద గూడ రాలే."

నాకు పడిశం. వాసన సంగతి నాకేం తెలుస్తుంది? "నువ్వు ఎక్కించు, నేను చూసుకుంటాను," అన్నాను. ఆమె మౌస్ మీది నుంచి చెయ్యి తీసేసింది. "ఎక్కిస్తె నా పేరు పడతది సార్. పంపిస్తె పంపియ్యండ్రి, నాతోటి గాదు." సొరుగులోని కాగితం సంగతి ఆమెకు తెలుసని అప్పుడు ఆ ముఖం చూస్తే అర్థమైంది. తెలిసే అంటోంది.

ఇక కాదనలేక స్కాన్ తెరిచి పెద్దది చేశాం. తాత తన కొట్లో బిల్లులను అరిగిపోయిన రిబ్బనుతో ప్రింటు తీస్తాడు. 7,455కీ చివరి రెండు సున్నాలకీ మధ్య ఉండాల్సిన చుక్క కాగితం మీద దోమ వాలి లేచిపోయినంత మసకగా ఉంది. స్కాన్‌లో ఆ మాత్రం కూడా లేదు. సాఫ్ట్‌వేర్ కామాను తీసేసి, మిగిలిన అంకెలన్నీ కలిపి, మన పద్ధతిలో కొత్త కామాలు తొడిగింది. దాని నమ్మకం చదివిన అంకెల మీద. చదవని చుక్క మీద సందేహం రావాలంటే, చుక్క ఒకటుందని ముందు తెలియాలి కదా.

సరిత బిల్లులో మొత్తానికి పైనున్న అంకెలను కాగితం మీద కూడింది. సరుకు 7,100. పన్ను రెండు భాగాలు, ఒక్కోటి 177.50. మొత్తం 7,455. బిల్లు అడుగున అక్షరాల్లోనూ ఏడు వేల నాలుగు వందల యాభై ఐదే ఉంది. ఏలకులను ఫోన్లో చెప్పి తెప్పిస్తాం కాబట్టి పోల్చడానికి ఆర్డరు కాగితం ఉండదు. ఆమె స్టోర్స్‌కి పరిగెత్తి, తూకం పుస్తకాన్నే చంకన పెట్టుకొచ్చింది. రెండున్నర కిలోలు. ఒక్క చుక్క పోయి నాకు పట్టపగలే చుక్కలు కనిపించాయి.

ఆ బిల్లును జాబితా నుంచి తీసి, గడిలో అంకె దిద్ది, నా దగ్గర ఆమోదం తీసుకుని, కొత్త జాబితా ఎక్కించింది. చక్కెర డబ్బు వేళకే వెళ్లింది. మర్నాడు తనిఖీని తెరిచి, రూపాయి తేడాకు మాత్రం మినహాయింపు పెట్టాను. అది మూసి ఉన్న రోజుల్లో చెల్లించిన బిల్లులన్నీ ఇద్దరం మళ్లీ కూడాం. అదృష్టం, ఏదీ తప్పుగా పోలేదు. తాతకు చెబితే, "గన్ని పైసలు పడుంటె నా గుండె ఆగుతుండె బిడ్డా," అని నవ్వి, కొత్త రిబ్బను కొన్నాడు. సొరుగులోని రిపోర్టు చించి మళ్లీ రాశాను: "వేగం తక్కువ. అదే మాకు కావాలి."

దాని ఫలితం రెండేళ్లు అనుభవించాను. ఆ మసక చుక్కను పేజీ అంత పెద్దది చేసి నా కుర్చీ ఎదురుగా గోడకు అంటించింది. ఎవరొచ్చినా, "అది సార్ చుక్క," అని పరిచయం చేసేది. నేనిప్పుడు గ్యాస్ బండ వచ్చినా మూడు ప్రశ్నలు అడుగుతాను. మా ఆవిడ బండకన్నా ముందు నన్నే బయట దించుతానంటోంది.

పోయిన నెల సరిత మల్కాజిగిరిలో ఒక కంపెనీకి అకౌంట్స్ మేనేజరుగా వెళ్లింది. మొదటి రోజే ఆమెకొక పార్సిల్ పంపి, చేరిందని తెలియగానే ఫోన్ చేశాను. "విప్పకు. ఏం వచ్చింది? ఎలా వచ్చింది? ఎవరు దించుకున్నారు?" కొత్త సిబ్బంది ముందు మూడింటికీ బుద్ధిగా జవాబు చెప్పించి గానీ విప్పనివ్వలేదు. లోపల పావుకిలో ఏలకులు, నా చేతిరాత బిల్లు: "ఏలకులు 0250 కిలోలు." అడుగున చిన్న పొట్లంలో ఒకే ఒక్క మిరియపు గింజ, దాని మీద చీటీ: "చుక్కను విడిగా పంపడమైనది. ఎక్కడ పెట్టాలో తమరికి తెలుసు."