గడుల డాక్టరు

ప్రెస్సు సందు చివరి గదిలో ఇరవై ఎనిమిదేళ్లుగా డీటీపీ చేస్తున్న ఆయన్ని అందరూ గడుల డాక్టరు అంటారు. అక్షరాల బదులు గడులో, పిచ్చి గుర్తులో వచ్చిన ఫైళ్లన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. రోగిని చూడకుండా ఆయన మాట్లాడడు. టీ తాగకుండా రోగిని చూడడు.

వైద్యశాస్త్రం మాత్రం చిన్నది. గడులొస్తే అక్షరం బతికే ఉంది, దాన్ని చూపించే ఫాంటు ఈ కంప్యూటర్లో లేదు. పిచ్చి గుర్తులొస్తే పాత ఫాంటులో కొట్టిన తెలుగు అది. ఆ ఫాంటు పెడితే లేచి కూర్చుంటుంది. వరసగా ప్రశ్నార్థకాలే వస్తే మాత్రం ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు. రోగి కుటుంబ సభ్యులకు అర్థమైపోతుంది.

ఒక మధ్యాహ్నం రిటైరైన బస్సు కండక్టరు వచ్చి ఫోను బల్ల మీద పెట్టాడు. మూడేళ్ల క్రితం తన అక్క పంపిన మెయిలట. ఇద్దరికీ మాటల్లేవు. ఎల్లుండి ఆవిడకు మోకాలి ఆపరేషను, మామయ్యా రావా అని మేనకోడలు ఫోన్ చేసింది. ఇలా రాసిన మనిషి దగ్గరికి ఎలా వెళ్తానని ఆయన బాధ.

"చూడండి ఏం తిట్టిందో. అచ్చులో వేయలేని తిట్లకి కార్టూన్లలో ఇవే గుర్తులు పెడతారు."

స్క్రీను నిండా చుక్కలు, కొక్కేలు, నెత్తిన టోపీలు పెట్టుకున్న ఇంగ్లిషు అక్షరాలు. డాక్టరు టీ పక్కన పెట్టాడు. అది అపూర్వ ఘటన.

"అక్కగారు టైపు చేసేవారా?"

"ఆఫీసులో టైపిస్టు."

మెయిల్ని తన కంప్యూటర్‌కు పంపించుకుని, కాపీ చేసి, ఖాళీ పేజీలో పెట్టి, జాబితాలోంచి పాత ఫాంటు ఎంచాడు. ఆవిడ తన ఆఫీసు ఫాంటులో కొట్టి మెయిల్లో అతికించింది. అక్షరాలు వచ్చాయి, ఫాంటు వెంట రాలేదు. ఒక్క నొక్కుతో కొక్కేలన్నీ తెలుగైపోయాయి.

"తమ్ముడూ, కోపం తగ్గితే రా. తగ్గకపోయినా రా. అన్నం తిని మళ్లీ తెచ్చుకుందువుగాని."

కండక్టరు రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవడానికి కళ్లు సహకరించలేదు. కళ్లు తుడుచుకుని జవాబు కొట్టిపెట్టమన్నాడు.

"వద్దండీ," అన్నాడు డాక్టరు. "ఆ ఉత్తరం అక్కడ గడులైతే ఇంకో మూడేళ్లు. ఫోన్ చేయండి."

చేశాడు. మోకాలు బాగయ్యేదాకా వంట తనే చేస్తానన్నాడు. తిట్టావనుకున్నానక్కా అని ఆగిపోయాడు.

అవతల అక్కగారు మొదలుపెట్టారు. మూడేళ్లవి, వడ్డీతో సహా, గదంతా వినపడేలా. వాటికి ఏ ఫాంటూ అవసరం లేకపోయింది. కండక్టరు ముఖం వెలిగిపోతుంటే, డాక్టరు చల్లారిన టీ అందుకున్నాడు.