బొటనవేలు మడిచిన పిడికిలి

ఎలిశబెతు సూది వేస్తే మా వార్డులో పసిపిల్లలు కూడా ఏడవరు. నెల్లూరులో ముప్పై ఏళ్లుగా నర్సు పని చేస్తున్నదాన్ని, నేను ఊరికే ఎవరినీ పొగడను. అంత మంచి చెయ్యి ఉన్న మనిషికి జర్మన్ మాట్లాడమంటే మాత్రం నోరు పెగలదు. జర్మనీలో నర్సుగా చేరాలంటే రాయాల్సిన ఆ భాష పరీక్షలో నాలుగు భాగాలుంటాయి. చదవడం, వినడం, రాయడం మూడూ గట్టెక్కింది. మాట్లాడే భాగం రెండుసార్లు తప్పింది. ఆ తర్వాత పుస్తకాలన్నీ బీరువా మీదికి ఎక్కించేసింది.

ఆమెతో పాటు జర్మన్ క్లాసులో చేరింది ఆయేషా. ఇద్దరిదీ ఒకే వార్డు, ఒకే టిఫిన్ డబ్బా. డ్యూటీ దిగగానే ఒకే స్కూటీ మీద కోచింగ్‌కి పోయేవాళ్లు. ఆయేషాకీ మిగిలింది మాట్లాడే భాగమే. గురువారం చెన్నైలో పరీక్ష. ఉద్యోగం ఇస్తామన్న జర్మనీ ఆసుపత్రి ఈ నెలాఖరు దాకే ఆగుతానంది. ఈసారి తప్పితే అంతే సంగతులు.

బుధవారం మధ్యాహ్నం భోజనాల గదిలో ఎలిశబెతు అన్నం పక్కన పెట్టి ఫోను పట్టుకుంది. ఆయేషాకి జర్మన్‌లోనే మెసేజ్ పెట్టాలని పట్టుదల. మనసులో ఉన్నదేమో మన మాట: నీ కడుపు చల్లగుండ, గుండె రాయి చేసుకుని పోయి రా. దాన్నే మాటకి మాట జర్మన్‌లోకి మార్చి, సరిచూడమని కోచింగ్‌లో చెప్పే గిద్యోను సారుకి పంపింది. సారు వెంటనే ఫోన్ చేశాడు. ఆమె స్పీకర్ పెట్టింది.

"ఇది చదివితే ఆ పిల్లకి కడుపులో చలి పుట్టిందనుకుంటారమ్మా జర్మన్‌వాళ్లు. గుండె రాయంటే వాళ్లకి జాలి లేని మనిషి. పరీక్షకి పోయేవాళ్లని పోయి రా అని దీవించడం వాళ్లకి తెలీదు."

"మరి వాళ్లేమంటారు సార్?"

"హాల్స్ ఉంట్ బైన్‌బ్రుఖ్ అంటారు. మాటకి మాట చూస్తే మెడా కాలూ విరగడమే. వాళ్ల లెక్కలో మాత్రం మంచి జరగాలనే."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. ఆయేషా వాళ్లమ్మ నాగూర్‌బీ జారిపడి కాలు విరిగి, ఇంకా వాకర్ పట్టుకునే నడుస్తోంది. కూతురికి ఏ మెసేజ్ వచ్చినా అర్థం చెప్పించుకునే రకం.

"ఊరికి బయల్దేరే పిల్లకి ఆ మాట పంపినావంటే, నాగూర్‌బీ ఆ వాకర్‌తోనే నీ కాలు విరగ్గొడతాది" అన్నాను.

సారు నవ్వి ఇంకోటి చెప్పాడు. ఇష్ డ్రూకే డీర్ డీ డౌమెన్. నీకోసం బొటనవేళ్లు నొక్కుతున్నానని. బొటనవేలు లోపలికి మడిచి మిగతా వేళ్లు దాని మీద బిగిస్తారట. "ఊరికే మాటవరసకి అంటారమ్మా, పనులు మానుకుని ఎవరూ అట్టా పట్టుకు కూర్చోరు" అని కూడా చెప్పాడు.

ఎలిశబెతు దాన్నే పంపింది. కింద తెలుగులో ఇంకో మాట చేర్చింది: పోయి రా.

మర్నాడు పదిన్నరకి, సరిగ్గా ఆయేషా పరీక్ష వేళకి చూద్దును కదా, ఎలిశబెతు ఎడమచెయ్యి కోటు జేబులో పెట్టుకుని, ఒంటిచేత్తో పల్స్ చూస్తోంది. పక్కకి పిలిచి కసిరాను. జేబులోంచి చెయ్యి తీసింది. పిడికిలి. కణుపులు తెల్లబడ్డాయి.

"ఈ అరగంట సూదులు మీరెయ్యండి సిస్టర్" అంది. కళ్లల్లో నీళ్లు. "ఇది వదిలేస్తే ఆయేషా తప్పి ఇక్కడే ఉంటాది కదా. పొద్దుట్నించి రెండుసార్లు వదిలేద్దామనిపించింది."

ట్రే అందుకుని, "గట్టిగా పట్టుకో" అన్నాను.

పదకొండున్నరకి ఆయేషా ఫోన్ చేసింది. "బాగా మాట్లాడినానక్కా. లోపలికి పోయేముందు నీ మెసేజే చదువుకున్నా. కింద మాటే ఎక్కువ సార్లు." అప్పుడు విప్పింది ఎలిశబెతు పిడికిలి. అరచేతిలో గోళ్ల గుర్తులు పడ్డాయి.

ఆయేషా పాసైంది, నాలుగు నెలలకి వెళ్లిపోయింది కూడా. ఎలిశబెతు టిఫిన్ డబ్బాలో ఇప్పటికీ ఇద్దరికి సరిపడా అన్నం వస్తోంది. మిగిలింది నేను తింటున్నాను.

మొన్న భోజనాల దగ్గర ఆమె ఎడమ బొటనవేలు మళ్లీ లోపలికి మడిచి ఉంది.

"ఇప్పుడెవరికి పరీక్ష?"

"నాకే సిస్టర్. మళ్లీ ఫీజు కట్టినా. వచ్చే సోమవారం పదిన్నరకి. ఆయేషాని చూడాలనుంది."

"ఎవరికోసం వాళ్లే నొక్కుకుంటారా, వదులు. అక్కడ అది నొక్కుతుందిలే."

"అక్కడ అప్పటికి తెల్లారి ఆరే. పడుకోనుంటాది."

నేను చెయ్యి కడుక్కుని వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాను. బొటనవేలు లోపలికి మడిచి, పిడికిలి బిగించి చూపించి, ఇట్టాగేనా అని అడిగాను.