నజీరా ఆపిన లేబుల్

పాశమైలారంలోని ఓ చిన్న క్రీముల కంపెనీలో నజీరాది పదకొండేళ్ల సర్వీసు. కొత్తగా అచ్చయి వచ్చిన లేబుల్‌ను తయారీ కాగితంతో సరిచూసి సంతకం పెట్టడం ఆమె పని. ఆ సంతకం పడితేనే డబ్బాలకు లేబుళ్లు అంటిస్తారు. క్రీము నింపే చోటే ఆమె బల్ల.

రెండేళ్ల కిందట ఆమె వేళ్ల సందుల్లో చర్మం పగిలి నీరు కారడం మొదలైంది. సంగారెడ్డి డాక్టరమ్మ వీపుకు ఏది పడదో తేల్చే పరీక్ష పట్టీలు వేసి, రెండు రోజులకు తీసి, ఇంకో రెండు రోజులాగి మళ్లీ చూసి తేల్చింది. “నీకు సెంట్లు పడవమ్మా. ‘అన్‌సెంటెడ్’ అని రాసుంటే నమ్మకు. అసలు వాసనను కప్పిపెట్టడానికి కూడా సెంటు కలుపుతారు. మొక్కల సుగంధ నూనెలూ అంతే. డబ్బా వెనక రాసిందంతా చదువు.”

ఈ సంగతి కంపెనీలో తెలిస్తే ఏటేటా రాసే కాంట్రాక్టు ఆపేసి పనిలోంచి తీసేస్తారని నజీరా భయం. ఎవరైనా అడిగితే సబ్బు పడలేదని చెప్పి, నూలు తొడుగుల మీద రబ్బరు తొడుగులు వేసుకుని నెట్టుకొస్తోంది.

ఓ గురువారం పొద్దున సున్నిత చర్మానికని చేసే క్రీముకు కొత్త లేబుళ్లు వచ్చాయి. పాత ‘అన్‌సెంటెడ్’ స్థానంలో ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’, అంటే సెంటే కలపలేదని ఉంది. తయారీ కాగితం మాత్రం మారలేదు. మైనపు వాసన కప్పే సెంటు, లావెండర్ నూనె రెండూ అందులో ఉన్నాయి. మధ్యాహ్నానికి లారీ వస్తుంది. నజీరా కలం మూత పెట్టి మేనేజర్ రామలింగేశ్వరరావు గదిలోకి నడిచింది.

“సార్, ఈ మాల్‌ల సెంటున్నది. లేదని ఎట్ల రాస్తం?”

“వాసన కప్పడానికి రవ్వంత వేస్తామమ్మా. పూసుకుంటే ఏ వాసనా రాదు కదా? లావెండరంటావా, అది మొక్క నూనె.”

“ముక్కుకు తెల్వకపోవచ్చు సార్, తోలుకు తెలుస్తది. జెర సూడుండ్రి.”

ఆమె తొడుగులు విప్పింది. ఎర్రగా కందిన వేళ్లను చూసి ఆయన కుర్చీలో ముందుకు వంగాడు.

“ఈ చేతులతో ఇక్కడెలా పనిచేస్తున్నావు?”

ఆమె రెండేళ్లుగా భయపడింది ఈ ప్రశ్నకే. “ఇగ మీ ఇష్టం సార్. సంతకమైతే పెట్ట. నాలాంటోళ్లు ఆ మాట చూసే కొంటరు.”

ఆయన ల్యాబ్‌లోని తనుశ్రీని పిలిపించి కాగితం ముందుంచాడు. “నజీరక్క చెప్పింది కరెక్టే సార్. ఆ రెండూ ఉన్నంతకాలం ఆ మాట వేయకూడదు,” అందామె.

లారీ వెనక్కి వెళ్లింది. లేబుళ్లు చించేశారు. తర్వాతి సరుకు ఆ రెండూ లేకుండా చేశారు. తీరా అది మైనం వాసన వేస్తోందని ఓ దుకాణం నుంచి ఫిర్యాదు వచ్చింది. అది సరుకు సొంత వాసనేననీ, పైనుంచి ఏదీ కలపలేదనీ నజీరాయే జవాబు రాసింది.

ఆమెను క్రీముల దగ్గర్నుంచి కాగితాల గదికి మార్చారు. కాంట్రాక్టు మళ్లీ రాస్తారో లేదో ఎవరూ చెప్పలేదు. కొత్త క్రీమును ఆమె పూటకోసారి మోచేతి మడతలో రాసి, పది రోజులు పొద్దున్నే లేచి చూసుకుంది. దద్దు రాలేదు. పదకొండో రోజున వేళ్లకు రాసుకుంది.